గంగాధర్ నెహ్రూ కొత్వాలు పదవి రికార్డు ఏ దస్త్రాల్లో దొరుకుతుంది?

జవహర్‌లాల్ నెహ్రూ తాత గంగాధర్ అసలు పేరు గియాసుద్దీన్ ఘాజీ అంటూ ఒక పోస్టు మా తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. కింద ఆధారంగా వేసింది మొఘల్ దుస్తుల్లో, వంపు కత్తితో ఉన్న బొమ్మ. అలాంటి బొమ్మ గురించి నెహ్రూయే 1936 ఆత్మకథలో రాశారు. బట్టలు దర్బారువే, ముఖం మాత్రం కాశ్మీరీదే అన్నారు. 1857 తిరుగుబాటుకు ముందు తాత ఢిల్లీ కొత్వాలని, అంటే నగర పోలీసు అధికారి అని కూడా అందులోనే ఉంది. కానీ అది కుటుంబం మాట, పైగా ఇంటి కాగితాలు ఆ తిరుగుబాటులోనే పోయాయట.

అందుకే నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైటు అభిలేఖ్ పటల్‌లో Gangadhar, Ganga Dhar, Ghiyasuddin, Ghazi అని, kotwal పక్కన పెట్టి వెతికాను. వచ్చినవన్నీ మ్యూటినీ పేపర్లే. అవి 1857 మే తర్వాత తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న ఢిల్లీవి, అప్పటి కొత్వాలు ముబారక్ షా. నాకు కావలసింది అంతకుముందు ఈస్టిండియా కంపెనీ నియమించిన కొత్వాలు.

1857 మే నాటికి ముందు ఢిల్లీ కొత్వాలు నియామకం, జీతం నమోదైన దస్త్రాలు ఏ ఆర్కైవ్స్‌లో, ఏ శ్రేణి కింద ఉన్నాయి?