మఖానా వేయించడం: నిమిషాలు చూసుకోవాలా, విరిచి చూసుకోవాలా?

కాజీపేట జంక్షన్:
మా పాప బడి నుంచి రాగానే పెట్టడానికి ఫూల్ మఖానా వేయిస్తున్నాను. పొయ్యి దగ్గర నోట్లో వేసుకుంటే కరకరలాడుతాయి, గంట తర్వాత డబ్బా తీస్తే సాగుతాయి, పళ్లకు అంటుకుంటాయి. వరుసగా మూడుసార్లు ఇదే. ప్యాకెట్ మీద 5 నిమిషాలు అని రాసి ఉంది, మా ఆడబిడ్డేమో సన్నమంట మీద 12 నిమిషాలు అంటుంది. ఎవరి మాట వినాలి?

మిర్చిబండి:
5 నిమిషాలే కరెక్ట్ అక్కా. కడాయి ముందు బాగా కాగాలి, మధ్యస్థంగా మంట పెట్టి వేయించాలి, లేత బంగారు రంగు రాగానే దించేయాలి. సన్నమంట మీద పెడితే అవి ఎండుతాయి తప్ప వేగవు. నేను రోజూ మంట ముందు నిలబడేవాణ్ణి, చల్లటి నూనెలో బజ్జీ వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. దీనికీ అదే లెక్క.

సకినాల ఇల్లు:
తమ్మీ, కడాయి ముందే కాగాలన్నది నిజమే, చల్లటి కడాయిలో వేస్తే మొదటి రెండు మూడు నిమిషాలు ఊరికే పోతాయి. మిగతాది మాత్రం ఒప్పుకోను. ఎండుతాయి అన్నావు చూడు, మనకు కావాల్సింది అదే. మఖానా పచ్చి పిండి కాదు, మన దగ్గరికి వచ్చేసరికే ఒకసారి పేలిన గింజ. మనం దాన్ని ఉడికించక్కర్లేదు, లోపల చేరిన తేమను బయటికి పంపాలి, అంతే. బజ్జీతో పోల్చడం అక్కడే తప్పింది.

నేను కరీంనగర్‌లో ఇంటి దగ్గరే సకినాలు, చెగోడీలు చేసి అమ్ముతాను, నాలుగేళ్ల నుంచి మఖానా కూడా. మఖానా లోపలంతా గాలి గదులే, వేడి దాంట్లో మెల్లగా దిగుతుంది. మంట పెద్దది పెడితే పైపొర రంగు తిరుగుతుంది, నడిమి భాగం మాత్రం గోరువెచ్చగానే ఉండిపోతుంది. ఆ పైపొర ఎండింది కాబట్టి పొయ్యి దగ్గర కరకరమంటుంది. తర్వాత నడుమ మిగిలిన తేమ మెల్లగా పైపొరలోకి పాకుతుంది, గంటకు మొత్తం తోలులా సాగుతుంది. చెల్లె చెప్పింది సరిగ్గా ఇదే అని నా అనుమానం. కానీ ఒక్కటి చెప్పు చెల్లె, వేడి మీదనే డబ్బాలో పోసి మూత పెట్టావా? అట్లయితే కారణం వేరే, ఆవిరి మూతకు పట్టి మళ్లీ వాటి మీదే పడుతుంది.

కాజీపేట జంక్షన్:
లేదక్కా, మొదటిసారి అట్లనే చేశాను గానీ తర్వాత రెండుసార్లు పళ్లెంలో పరిచి, పూర్తిగా చల్లారాకే స్టీలు డబ్బాలో పోశాను. అయినా అంతే.

సకినాల ఇల్లు:
అయితే తేమ లోపలిదే. చల్లారాక మూత పెట్టిన డబ్బాలో గంటకే మెత్తబడ్డాయంటే బయటి గాలిది తప్పు కాదు.

ఖని షిఫ్ట్:
మాది గోదావరిఖని. నాకు వేరే ఇబ్బంది వచ్చింది, ఇక్కడే అడుగుతున్నా ఏమనుకోకండి. షుగర్ ఉన్న మా అమ్మ కోసం వరంగల్ బీట్‌బజార్‌లో తామర గింజలు కొన్నాను. సన్నమంట మీద 20 నిమిషాలు వేయించాను, పేలలేదు సరికదా రాళ్లలా ఉన్నాయి. మంట పెంచాల్సిందా?

సకినాల ఇల్లు:
అన్నా, నువ్వు కొన్నవి నిజంగా తామర గింజలే, కమల్ గట్టా అంటారు. వాటిని ఎంత వేయించినా మఖానా కావు. మఖానాను కూడా మన దగ్గర తామర గింజలే అంటారు కాబట్టి అందరూ పొరపడతారు, కానీ ఆ మొక్క వేరు. ఆకుల నిండా ముళ్లుండే నీటి మొక్క అది. ఎక్కువగా బిహార్‌లో దర్భంగా, మధుబని వైపు చెరువుల్లో పండిస్తారు, 2022లో మిథిలా మఖానాకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ నల్లటి గింజను ఇనుప కడాయిల్లో వేయించి, కొన్నాళ్లు ఆరనిచ్చి, మళ్లీ వేయించి, వేడి వేడిగా ఉన్నప్పుడే కర్ర సుత్తితో కొడితే పెంకు పగిలి తెల్లగా పొంగుతుంది. అది ఇంట్లో చేసే పని కాదు. నీ దగ్గరున్న వాటిని నానబెట్టి, మధ్యలో ఉండే చేదు పచ్చ మొలక తీసేసి ఉడికించుకోండి. అమ్మకు ఎంత పెట్టాలన్నది డాక్టర్‌ను అడుగు, షుగర్ సంగతి నేను చెప్పలేను, మఖానాలో కూడా ఎక్కువ ఉండేది పిండి పదార్థమే.

మిర్చిబండి:
అక్కా, సరే, లోపల తేమ అన్నారు. కానీ పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి లోపల తేమ ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది? రంగైతే కంటికి కనిపిస్తుంది. అందుకే రంగు చూడమన్నాను.

సకినాల ఇల్లు:
మంచి మాట అడిగినవ్ తమ్మీ. రంగు పైపొర సంగతే చెబుతుంది. సన్నమంట మీద బాగా వేగిన మఖానా చాలాసార్లు తెల్లగానే ఉంటుంది, అక్కడక్కడ మీగడ రంగు తిరుగుతుంది, అంతే. అందుకే విరిచి చూడాలి. విరిచే పద్ధతి తప్పితే అది కూడా మోసం చేస్తుంది.

కడాయిలో ఉన్నవాటిల్లో అన్నిటికంటే పెద్దది తీయండి. చిన్నవి ముందే అయిపోతాయి, వాటిని విరిస్తే అన్నీ అయ్యాయనిపిస్తుంది. అట్లా మూడు వేర్వేరు చోట్ల నుంచి మూడు తీసి, పళ్లెంలో పెట్టి ఒక నిమిషం చల్లారనివ్వండి. ఈ నిమిషమే ముఖ్యం. వేడి మీద మఖానా అసలు గుణం తెలియదు, సకినం నూనెలోంచి తీయగానే మెత్తగా ఉండి చల్లారాక టక్కున విరిగినట్టే ఇది కూడా. చల్లారాక బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కండి. చప్పుడు చేసి ముక్కలైతే అయినట్టు. నొక్కినచోట గుంట పడి మళ్లీ పైకి లేచిందంటే ఇంకా చాలా తేమ ఉంది. అన్నిటికంటే మోసం చేసేది మూడో రకం: పైన చిట్లుతుంది, కానీ రెండు ముక్కలూ విడిపోకుండా నడుమ నారలాగా పట్టుకుని ఉంటాయి. చెల్లె దించింది ఆ దశలోనే అయి ఉండాలి. మూడింట్లో ఒక్కటి అట్లా ఉన్నా ఇంకో రెండు నిమిషాలు తిప్పి మళ్లీ చూడాలి.

చెవికి కూడా తెలుస్తుంది. మొదట్లో గరిటెతో తిప్పితే దూది తిప్పినట్టు చప్పుడు ఉండదు, చివరికి వచ్చేసరికి కడాయి అంచుకు తగిలి గలగలమంటాయి. ఆ చప్పుడు మొదలైతేనే నేను విరిచి చూడటం మొదలుపెడతాను.

హన్మకొండ డాబా:
నెయ్యి మాట ఎవరూ ఎత్తలేదు. మా ఇంట్లో ముందు రెండు చెంచాల నెయ్యి కాగబెట్టి అందులోనే మఖానా వేస్తాం. నెయ్యి అంతటా పట్టి వేడిని సమానంగా పంచుతుంది, 7, 8 నిమిషాల్లో అయిపోతాయి. పొడిగా వేయిస్తే మాడిన మచ్చలు పడతాయి.

సకినాల ఇల్లు:
అన్నా, మచ్చలు పడేది నెయ్యి లేక కాదు, తిప్పడం ఆగితే. మఖానా స్పంజి లాంటిది, నెయ్యిలో ముందు పడ్డ గుప్పెడు గింజలే మొత్తం తాగేస్తాయి, మిగతావి పొడిగానే ఉంటాయి. నేను పొడిగా వేయించి, విరిగే దశకు వచ్చాక ఒక చెంచా కరిగిన నెయ్యి చుట్టూ చల్లి ఒక నిమిషం తిప్పుతాను. ఉప్పు, పసుపు, కారం మంట ఆపాకే వేస్తాను, ముందే వేస్తే కారం మాడి దగ్గొస్తుంది. ఉప్పునీళ్లు మాత్రం చల్లొద్దు, తీసిన తేమను మళ్లీ పోసినట్టే.

హన్మకొండ డాబా:
నెయ్యి వేడిగా ఉండగా మఖానా వేసి అదే క్షణం నుంచి గబగబా తిప్పితే అందరికీ అందుతుంది అక్కా. రుచి లోపలికి దిగుతుంది, పైన చల్లిన నెయ్యికి ఆ రుచి రాదు. ఈ విషయంలో నేను మారను.

కాజీపేట జంక్షన్:
ఇవాళ మధ్యాహ్నం కూర్చుని చేసి చూశాను. 100 గ్రాముల ప్యాకెట్‌ను తూకం మిషన్ మీద సగం సగం చేశాను, అదే ఇనుప కడాయి, అదే చిన్న పొయ్యి.

మొదటి 50 గ్రాములు మధ్యస్థం మంట మీద 5 నిమిషాలు. బంగారు రంగు వచ్చింది, రెండు మాడాయి. పెద్దవి మూడు తీసి నిమిషం ఆగి నొక్కాను, అక్క చెప్పిన నార కనిపించింది, ఒకటైతే అసలు గుంటపడి లేచింది. తూకం 48 గ్రాములు. రెండో 50 గ్రాములు కడాయి కాగాక మంట పూర్తిగా తగ్గించి వేశాను. మొదట అర నిమిషానికి ఒకసారి అడుగు నుంచి పైకి తిప్పాను, 6 నిమిషాలు దాటాక ఆపకుండా. 8 నిమిషాలకు విరిస్తే మూడింట్లో ఒకటి పట్టుకుంది. 10 నిమిషాలకు గలగల మొదలైంది. 11న్నరకు మూడూ ముక్కలయ్యాయి, వెంటనే పళ్లెంలోకి వంపేశాను. తూకం 46. రెండూ చల్లార్చి వేర్వేరు డబ్బాల్లో పెట్టాను. గంటన్నర తర్వాత మొదటి డబ్బాలోవి మెత్తబడ్డాయి, రెండోవి టక్కున విరుగుతున్నాయి.

మిర్చిబండి:
రంగు చూసి దించమన్నది నేను, ఒప్పుకుంటున్నా. కానీ పల్చటి నాన్‌స్టిక్ పెనం మీద 11 నిమిషాలు పెడితే అడుగు మాడదా? మా ఇంట్లో అదే ఉంది.

సకినాల ఇల్లు:
పల్చటి దాంట్లో మంట తగిలే నడుమ భాగం బాగా వేడెక్కుతుంది తమ్మీ, అప్పుడు మొదటి నుంచే ఆపకుండా తిప్పాలి, రెండు పొరల కంటే ఎక్కువ పోయకూడదు. నిమిషాలు మారతాయి, 9 కావచ్చు 14 కావచ్చు, వానాకాలంలో తెరిచి పెట్టిన ప్యాకెట్‌కు ఇంకా ఎక్కువ పట్టొచ్చు. చెల్లె, ఆ మొదటి డబ్బాలోవి పారేయకు. నెయ్యి, కారం ఏమీ వేయలేదు కదా? మళ్లీ సన్నమంట మీద 5 నిమిషాలు తిప్పి విరిచి చూడు.

కాజీపేట జంక్షన్:
వేయలేదక్కా. ఇప్పుడే మళ్లీ పెట్టాను, 6 నిమిషాలకు విరిగాయి. రంగు వచ్చినచోట మాత్రం కొంచెం చేదు ఉంది, పాప అవి ఏరి పక్కన పెడుతోంది. ఇంకో సందేహం, పళ్లెంలో పరిచి ఫ్యాన్ కింద పెట్టొచ్చా? బయట ముసురు పట్టింది.

హన్మకొండ డాబా:
పెట్టొచ్చు, తొందరగా చల్లారుతాయి.

సకినాల ఇల్లు:
ముసురులో నేను పెట్టను. ఆ గాలిలోనే తేమ ఉంటుంది. పొయ్యి ఆపాక ఆ పక్కన గట్టు మీదనే పళ్లెం పెట్టి, చేతికి వెచ్చదనం తగలనంత వరకు, పావుగంట, ఆగి వెంటనే మూత పెడతాను.