లోలకం పట్టికలో g 9.58 వచ్చింది: సగటును నమ్మాలా, గ్రాఫ్‌ను నమ్మాలా?

కార్తీక్ (ఇంటర్ ఫస్టియర్, హైదరాబాద్)

లఘులోలకం ప్రాక్టికల్ చేశాం. మా బ్యాచ్ ఎక్సెల్ షీట్ స్క్రీన్‌షాట్‌లో ఉన్న అంకెలే కింద టైపు చేశాను. ఒక్కో వరసకు g కట్టి సగటు తీస్తే 9.58 వచ్చింది. L–T² గ్రాఫ్ వాలు నుంచి తీస్తే 9.78 వస్తోంది. రికార్డులో ఏది రాయాలి? దోషం ఎంతని చెప్పాలి?

| L (సెం.మీ.) | 20 డోలనాలు (సె.) | T² | g |
|---|---|---|---|
| 50 | 28.8 | 2.074 | 9.52 |
| 60 | 31.6 | 2.496 | 9.49 |
| 70 | 33.9 | 2.873 | 9.62 |
| 80 | 36.3 | 3.294 | 9.59 |
| 90 | 38.4 | 3.686 | 9.64 |
| 100 | 40.5 | 4.101 | 9.63 |

వేణు

తమ్ముడూ, గోళాన్ని ఎక్కువ పక్కకు లాగి వదిలి ఉంటావు. కోణం పెరిగితే T పెరుగుతుంది, g తగ్గుతుంది. ఇక సగటా గ్రాఫా అంటే సగటే. ఆరు విలువలూ దగ్గర దగ్గరగా ఉన్నాయి, సగటులో దోషం 0.03 కూడా లేదు. గ్రాఫ్ గీతను చేత్తో గీస్తాం, అటూ ఇటూ జరిపితే 9.7 అయినా వస్తుంది, 9.85 అయినా వస్తుంది.

శ్రీలత

మా బ్యాచ్‌లో ఇదే తంటా వచ్చింది. గోళాన్ని వదలగానే "ఒకటి" అని లెక్క మొదలుపెట్టాం. అంటే కొలిచింది 19 డోలనాలు, భాగించింది 20తో. g 10.8 వచ్చింది. "సున్నా" అని మొదలుపెట్టాలని తర్వాత తెలిసింది. నీ లెక్క కూడా సరిచూసుకో.

సుబ్బారావు (రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్)

శ్రీలత గారు, లెక్కలో ఒక్క డోలనం తప్పితే g దాదాపు 10 శాతం మారుతుంది. ఇక్కడ తగ్గింది 2 శాతమే, కాబట్టి అది కాదు.

కార్తీక్, ముందు g వరసను పైనుంచి కిందికి చదువు. పొట్టి దారాలకు 9.5 దగ్గర ఉంది, పొడుగు దారాలకు 9.63 దగ్గరికి వచ్చింది. చేతి తడబాటు వల్ల వచ్చిన దోషం అయితే విలువలు పైకీ కిందికీ ఊగాలి. ఇవి ఒక వైపుకే నడుస్తున్నాయి. ప్రతి L లోనూ ఒకే కొంత పొడవు తక్కువ పడితే ఇలాగే కనిపిస్తుంది. 50 సెంటీమీటర్లలో సెంటీమీటరున్నర పోతే 3 శాతం, 100లో పోతే 1.5 శాతం.

ఇప్పుడు గ్రాఫ్ చూడు. L అక్షాన్ని 50 నుంచి కాక సున్నా నుంచి మొదలుపెట్టు. గీతను మూలబిందువు గుండా బలవంతంగా పోనివ్వకుండా, బిందువులు చెప్పిన దారిలో వెనక్కి పొడిగించు. నీ అంకెలతో నేను కట్టి చూశాను: వాలు 4.036, T² అక్షాన్ని 0.060 దగ్గర ఖండిస్తుంది. 0.060ని 4.036తో భాగిస్తే 0.015 మీటర్లు, అంటే సెంటీమీటరున్నర. నువ్వు L అని రాసింది కార్క్ నుంచి ఎక్కడిదాకా?

కార్తీక్

దారం చివర ముడి దాకా సార్. కొక్కెం, గోళం కలపలేదు.

సుబ్బారావు

అదే. L గోళం మధ్య దాకా ఉండాలి. కొక్కెం పొడవు, గోళం వ్యాసార్ధం రెండూ పోయాయి. అయితే ఇవి ప్రతి వరసలోనూ ఒకేలా పోయాయి. అందుకే వాలు మారలేదు, గీత మొత్తం కాస్త పైకి జరిగిందంతే. ఒక్కో వరసకు విడిగా g కడితే మాత్రం ఆ లోపం ప్రతి విలువలోకీ దూరుతుంది.

ఈ ఉపాయం పాతదే. 1820లలో జర్మన్ శాస్త్రవేత్త బెసెల్ కోనిగ్స్‌బర్గ్‌లో రెండు వేర్వేరు పొడవుల లోలకాలతో g కొలిచాడు. రెండింటి పొడవుల తేడాను కచ్చితంగా తెలుసుకుంటే చాలు, ఒక్కోదాని పూర్తి పొడవులో ఉండే అనుమానం రద్దయిపోతుంది.

వేణు

అయితే కోణం మాటేంటి సార్? ప్రతిసారీ ఒకే దూరం పక్కకు లాగితే పొట్టి దారానికి కోణం పెద్దదవుతుంది. అప్పుడు కూడా పొట్టి వరసల్లోనే g ఎక్కువగా తగ్గాలి కదా!

సుబ్బారావు

మంచి ప్రశ్న, నేను పైన ఆ సంగతి వదిలేశాను. కార్తీక్, ఎంత లాగారు?

కార్తీక్

బెత్తెడు ఉంటుంది సార్. 8 సెంటీమీటర్లు అనుకోవచ్చు.

సుబ్బారావు

అయితే 50 సెంటీమీటర్ల దారానికి కోణం 9 డిగ్రీలు. దానివల్ల పెరిగే T, పొడవు 0.16 సెంటీమీటర్లు పెరిగినట్టు లెక్క. మనం వెతుకుతున్నది 1.5. జానెడు లాగి ఉంటే మాత్రం అదే దారానికి సెంటీమీటరు దాకా వెళ్ళేది. అప్పుడు వేణు చెప్పిందే పెద్ద కారణమయ్యేది.

వేణు

సరే. కానీ సగటులో 0.03 దోషం అన్నాను, అది లెక్క ప్రకారమే చెప్పాను. గ్రాఫ్‌కు ఎంత వస్తుంది?

సుబ్బారావు

వాలు నుంచి వచ్చే g కి దోషం దాదాపు 0.06, నీ సగటు దోషానికి రెట్టింపు. స్టాప్‌క్లాక్ నొక్కడంలో 0.1 సెకను తేడా వస్తే 28.8 సెకన్ల వరసలో g 0.07 కదులుతుంది, ఈ చెదురుదల అక్కడిదే. ఖండన పొడవు కూడా 1.5 ± 0.5 సెంటీమీటర్లే. కాబట్టి 9.78 అచ్చం హైదరాబాద్ విలువతో కలవడంలో కొంత అదృష్టం ఉంది, 9.72 వచ్చినా నేను ఆశ్చర్యపోను. కానీ 9.58 ± 0.03 అని రాస్తే అసలు విలువ ఆ హద్దులకు చాలా దూరంలో ఉంటుంది. విలువలు ఒకదానికొకటి దగ్గరగా ఉండటం చేతి నిలకడను చూపిస్తుంది. స్కేలు ఎక్కడ పెట్టామో దానికి తెలియదు.

ఎక్సెల్‌లో సరిచూసుకోవాలంటే A లో L మీటర్లలో, C లో T² పెట్టి:

```
=4*PI()^2/SLOPE(C2:C7,A2:A7)
=INTERCEPT(C2:C7,A2:A7)/SLOPE(C2:C7,A2:A7)
```

మొదటిది g, రెండోది తప్పిపోయిన పొడవు.

కార్తీక్

ఈ రోజు ల్యాబ్‌లో వెర్నియర్‌తో కొలిచాను. గోళం వ్యాసం 2.0 సెం.మీ., కొక్కెం 0.4. అంటే 1.4 కలపాలి. అన్ని L లకూ కలిపి మళ్ళీ కడితే విలువలు 9.71 నుంచి 9.81 మధ్య ఊగుతున్నాయి, ఒక వైపుకు నడవడం లేదు. సగటు 9.77.

వేణు

చూశారా, చివరికి సగటే గెలిచింది! పొడవు సరిగా కొలిచాక దాని దోషం 0.015 దగ్గరే ఉంది, గ్రాఫ్‌కు ఇంకా 0.06.

సుబ్బారావు

ఒప్పుకుంటాను. గీత మూలబిందువు గుండా పోతుందని వేరే కొలత చెప్పాక సగటు మంచి పద్ధతే. ఆ సంగతి గ్రాఫ్ గీయకుండా తెలిసేది కాదు. రికార్డులో పాత L ని చెరిపేయవద్దు, ఒక్క గీతతో కొట్టి పక్కన కొత్తది రాయి, 1.4 ఎలా వచ్చిందో రాయి.

శ్రీలత

సార్, మా దగ్గర కొట్టివేతలుంటే మార్కులు తగ్గిస్తారు. కొత్త పేజీలో శుభ్రంగా రాయడమే మంచిది.

సుబ్బారావు

నేను దిద్దినన్నాళ్ళూ తగ్గించలేదమ్మా. పాత అంకెలు కనిపించకపోతే గీత పైకి ఎందుకు జరిగిందో ఎవరికీ తెలియదు.

కార్తీక్

రెండూ అతికిస్తాను సార్. పాత పట్టిక, దాని గ్రాఫ్ ఒక పేజీలో, కొత్త L లతో సగటు పక్క పేజీలో. మా మేడమ్ ఏది చాలంటారో సోమవారం తెలుస్తుంది.