ఛార్జింగ్ పెడితే బుడగలు వస్తున్నాయి, బ్యాటరీ మాత్రం ఎక్కడం లేదు

లావణ్య, తిరుపతి:
పొద్దుటి నుంచి దీనితోనే కూర్చున్నాను. చక్కగా పనిచేసిన బ్యాటరీ గంటకే ఆగిపోయింది. 12 వోల్టుల అడాప్టరు తగిలించినా ఎక్కడం లేదు, బుడగలే వస్తున్నాయి. ఎల్లుండి మా పాప బడిలో సైన్స్ ప్రదర్శన. ఎవరైనా దారి చెప్పండి.

మునిరత్నం, చిత్తూరు:
డిస్టిల్డ్ వాటర్ పోసి, తక్కువ కరెంటుతో రాత్రంతా వదిలేయండమ్మా. ఇన్వర్టర్ బ్యాటరీల్లో జనం కుళాయి నీళ్లు పోసి ప్లేట్లు పాడుచేసుకుంటున్నారు. ఎంత చెప్పినా వినరు.

భాస్కర్, రేణిగుంట:
ఏ బ్యాటరీ? ముందు అది చెప్పండి.

లావణ్య:
వంటింటి అల్యూమినియం ఫాయిల్, దాని మీద ఉప్పునీళ్లలో తడిపిన కాగితం, ఆపైన బొగ్గు పొడి. అలాంటివి నాలుగు వరుసగా కలిపితే ఎర్ర ఎల్‌ఈడీ వెలిగింది. ఇప్పుడు బ్లీచింగ్ పౌడర్ వాసన వస్తోంది.

భాస్కర్:
అడాప్టరు తీసేయండి. కిటికీలు తెరవండి. అది క్లోరిన్.

సుజాత, తిరుపతి:
లావణ్య గారూ, ఇది అల్యూమినియం-ఎయిర్ బ్యాటరీ, నీళ్లలో ఛార్జ్ అయ్యేది కాదు. వాడినప్పుడు అల్యూమినియం గాలిలోని ఆక్సిజన్‌తో, నీటితో కలిసి తెల్లటి జావలాంటి హైడ్రాక్సైడ్ అవుతుంది. కరెంటును వెనక్కి పంపితే ఆ జావ మళ్లీ లోహం కాదు. అల్యూమినియం కంటే ముందే నీరు విడిపోయి హైడ్రోజన్ వస్తుంది. ఫాయిల్ దగ్గర మీరు చూసిన బుడగలు అవే. బొగ్గు వైపు ఉప్పులోంచి క్లోరిన్ వచ్చింది. కిలో అల్యూమినియంలో సిద్ధాంతం ప్రకారం 8 యూనిట్ల దాకా శక్తి ఉంది. కానీ ఆ లోహాన్ని మళ్లీ తయారు చేయాలంటే, నీళ్లు లేకుండా, సుమారు 950 డిగ్రీల దగ్గర కరిగిన క్రయోలైట్ అనే లవణంలో, కిలోకు 13, 14 యూనిట్లు ఖర్చుపెట్టాలి. అది కార్ఖానా పని.

మునిరత్నం:
జింక్-ఎయిర్ ఛార్జ్ అవుతుందని విన్నానే. ఇదెందుకు కాదు?

సుజాత:
జింక్ క్షార ద్రావణంలోంచి తిరిగి పేరుకుంటుంది, ఆ మాట నిజమే. కానీ సూదుల్లా పెరిగి అవతలి వైపు తగులుతుంది. ఛార్జింగ్‌లో పుట్టే ఆక్సిజన్ గాలి వైపు కార్బన్‌ను తినేస్తుంది. అందుకే అదీ కష్టమే.

గోవర్ధన్, శ్రీకాళహస్తి:
మా నాన్నగారి వినికిడి యంత్రం బ్యాటరీ కూడా జింకే. స్టిక్కర్ తీశాక మళ్లీ అతికిస్తే ఆగుతుందా?

భాస్కర్:
వేరే ప్రశ్నగా అడగండి.

సుజాత:
లావణ్య గారూ, గంటలో మీ ఫాయిల్ అయిపోయి ఉండదు. పది సెంటీమీటర్ల చదరపు ముక్క, 11 మైక్రాన్ల మందం అనుకుంటే, దాదాపు 0.3 గ్రాములు. లెక్క ప్రకారం అది 0.9 ఆంపియర్-అవర్లు. ఎల్‌ఈడీ 5 మిల్లీఆంపియర్లు తీసుకుంటే ఆ లోహం రోజుల తరబడి రావాలి. కాబట్టి ఎల్‌ఈడీ తీసి పదిహేను నిమిషాలు ఆగి, ఒక్కో గడిని మల్టీమీటర్‌తో చూడండి. వోల్టేజ్ తిరిగి లేస్తే, ఉప్పునీరు బొగ్గును ముంచేసి గాలి అందనివ్వలేదని అర్థం. కాగితాన్ని కాస్త పిండండి. లేవకపోతే, తీగ తగిలించిన చోట ఫాయిల్ తెగిందేమో వెతకండి. ఆ చివరను తడి తగలకుండా బయట ఉంచండి. కొత్త ఫాయిల్ వేయడమే దీనికి ఛార్జింగ్.

మునిరత్నం:
లోహం మార్చడాన్ని ఛార్జింగ్ అనడం నాకు నచ్చలేదు. అది ఇంధనం పోయడం.

లావణ్య:
ఫాయిల్ మార్చి కాగితం పిండాను, వెలిగింది. మూడో గడి మాత్రం ఇంకా తక్కువే చూపిస్తోంది. ధన్యవాదాలు సుజాత గారూ, భాస్కర్ గారూ.