బ్యాక్‌గ్రౌండ్ తీసేయడమా, తెల్లగా నింపడమా?

సిరాచుక్క: క్లయింట్ ఇచ్చిన లోగో జేపెగ్. గింప్‌లో బ్యాక్‌గ్రౌండ్ సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కాను, తెల్లగానే ఉంది. ముదురు నీలం పేజీ మీద పెడితే తెల్ల డబ్బా కనిపిస్తోంది. డిలీట్ అయినట్టా, కానట్టా? అసలు తెలుపు ఉంటే సరిపోదా?

కుంచెకొస: కాలేదండీ. జేపెగ్‌లో ఆల్ఫా ఛానెల్ ఉండదు. ఖాళీ అనేదాన్ని రాసుకోవడానికి ఆ లేయర్‌కు చోటే లేదు కాబట్టి, డిలీట్ నొక్కితే గింప్ బ్యాక్‌గ్రౌండ్ రంగు పూసింది. ఆ రంగు మామూలుగా తెలుపే ఉంటుంది. `Layer > Transparency > Add Alpha Channel` నొక్కి, మళ్లీ డిలీట్ చేయండి. బూడిద గళ్లు కనిపిస్తే పోయినట్టు. పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. మళ్లీ జేపెగ్‌గా చేస్తే తెల్ల డబ్బా తిరిగొస్తుంది.

పాతకాపు: ఇంత హడావిడి దేనికి? తెల్ల కాగితం మీద ప్రింటయ్యేదానికి తెలుపూ ఖాళీ ఒకటే, అక్కడ సిరా పడదు. రంగు పేజీ మీదైతే లేయర్‌ను మల్టిప్లైలో పెట్టండి, తెలుపు మాయమవుతుంది.

కుంచెకొస: ముదురు నీలం మీద నల్ల అక్షరాన్ని మల్టిప్లై చేస్తే తెలుపు పోతుంది, నిజమే. లోగోలో ఎరుపు కూడా ఉంటే అది నల్లబడిపోతుంది. దాన్నేం చేస్తారు?

గోరింట: నాకు దరఖాస్తు ఫొటో కావాలి. బ్యాక్‌గ్రౌండ్ తీసేసి పీఎన్‌జీ అప్‌లోడ్ చేస్తే నా వెనక అంతా నలుపొచ్చింది. ఇదీ అదేనా?

కుంచెకొస: మీది వేరే. అక్కడ అడిగేదే తెల్ల బ్యాక్‌గ్రౌండ్. కింద తెల్ల లేయర్ వేసి, ఫ్లాటెన్ చేసి, జేపెగ్ ఇవ్వండి.

పాతకాపు: చూశారా! నాకూ ఇదే జరిగింది. ట్రాన్స్‌పరెంట్ పీఎన్‌జీ ఇచ్చాను. క్లయింట్ ఫోన్‌లో వ్యూయర్ నల్ల థీమ్‌లో ఉంది. నల్ల అక్షరాలు, వెనకా నలుపే. 'ఖాళీ ఫైల్ పంపి డబ్బులడుగుతున్నావా' అన్నాడు. అప్పటి నుంచి తెలుపే ఇస్తున్నాను.

కుంచెకొస: మీరు తెలుపు ఇచ్చిన ఫైళ్లే తర్వాత మాలాంటి వాళ్ల దగ్గరికొస్తాయి. నల్ల అక్షరం అంచులో సగం నలుపు, సగం తెలుపు కలిసిన పిక్సెల్ తీసుకోండి. తెలుపు పూస్తే అది 128,128,128 బూడిద రంగుగా గడ్డకట్టుకుపోతుంది. 0,0,128 నీలం మీద పెడితే అక్కడ 0,0,64 రావాలి. రాదు, బూడిదే ఉంటుంది. అక్షరం చుట్టూ తెల్ల బూజు పట్టినట్టు కనిపిస్తుంది. ఆల్ఫాతో అయితే అదే పిక్సెల్ 'నలుపు, సగం' అని ఉంటుంది, ఏ రంగు మీదైనా సరిగ్గా కలుస్తుంది. ఖాళీని ఎప్పుడైనా తెల్లగా నింపొచ్చు, తెలుపును ఖాళీ చేయడమే నరకం.

పాతకాపు: పాఠం చెప్పక్కర్లేదు. ఈ పని మీకంటే ముందు నుంచే చేస్తున్నాను.

ముల్లుగర్ర: గళ్లు కూడా బొమ్మలోనే ఉన్న 'ట్రాన్స్‌పరెంట్' ఫైళ్లు దొరుకుతాయి చూడండి, వాటి మీద కొట్టుకోండి.

కుంచెకొస: ముందు నుంచి చేస్తూ అంచులు పాడుచేస్తున్నారంటే ఇంకా ఘోరం.

పాతకాపు: నా దగ్గర దాచుకునే ఫైల్‌లో ఆల్ఫా ఉంటుందండీ! నేనంటున్నది అవతలి వాళ్ల చేతికిచ్చే ఫైల్ గురించి. పీఎన్‌జీ అంటే ఏంటో తెలియనివాడికి ట్రాన్స్‌పరెంట్ ఇస్తే, దాన్ని ఏదో యాప్‌లో పంపుతాడు, అది జేపెగ్ అయి నల్లబడుతుంది, తిట్లు నాకు.

కుంచెకొస: ఆ ముక్క మొదటే అనుంటే సరిపోయేది. అయినా ఒప్పుకోను. డబ్బు తీసుకున్నాక అసలు ఫైల్ వాళ్లది. రెండూ ఇవ్వండి, పేరులోనే `logo_transparent.png`, `logo_white.jpg` అని రాయండి.

పాతకాపు: రెండిస్తే తప్పుది వాడతారు.

సిరాచుక్క: నా అంచుల సంగతి చెప్పండి ముందు. ఆల్ఫా పెట్టి డిలీట్ చేశాను, డబ్బా పోయింది, మీరన్న బూజు అలాగే ఉంది. `Colors > Color to Alpha` చేశాను. బూజు పోయింది కానీ ఎర్ర వృత్తంలోని తెల్ల నక్షత్రంలోంచి నీలం కనిపిస్తోంది.

కుంచెకొస: అది తెలుపు ఎక్కడున్నా లాగేస్తుంది, లేత రంగుల్ని కూడా పలచన చేస్తుంది. అన్‌డూ చేసి, బయటి తెలుపును మాత్రమే ఫజీ సెలెక్ట్‌తో పట్టుకోండి. అక్షరాల సున్నాల లోపలి తెలుపును షిఫ్ట్ నొక్కి కలపండి. `Select > Grow`తో 2 పిక్సెళ్లు పెంచి, అప్పుడు `Color to Alpha` చేయండి. సెలెక్షన్ దాటి పోదు, నక్షత్రం మిగులుతుంది.

పాతకాపు: నక్షత్రం తెలుపే అని మీకెవరు చెప్పారు? వెనక రంగు కనిపించాలనే అలా గీశారేమో. క్లయింట్‌ను అడిగారా?

సిరాచుక్క: అడగలేదు. లోగో గీసినాయన ఇప్పుడు వాళ్ల దగ్గర లేడు.