"కంపెనీ పేరు కొట్టేసిండ్రు" అంటే ఏమన్నట్టు?

మిర్యాలగూడ పిల్లగాడు: పెద్దలకు దండాలు. మా బావ వాళ్ల బియ్యం ట్రేడింగ్ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, 2019 నుంచి లెక్కలు ఏసుడు బంద్ పెట్టిండ్రు. కంపెనీ పేరు మీద ఒక ప్లాటు ఉన్నది, మొన్న అమ్ముదామని పోతే కొనేటాయన కంపెనీల మంత్రిత్వ శాఖ ఎంసీఏ సైట్ల చూసి స్టేటస్ Strike Off అని ఉందన్నడు. దీన్ని తెలుగుల ఏమనాలె, పేరు తొలగింపా, రద్దా, మూతా? ఒక నోటీసుల "నిద్రాణ కంపెనీ" అని గూడ చూసిన, రెండూ ఒకటేనా?

పాలమూరు మాస్టారు: కొట్టివేతే సరైన మాట. నిద్రాణం అంటే పడుకున్నది, కొట్టేస్తే పోయింది. డైరెక్టర్లు గూడ అనర్హులు అయితరు, ఇగ జన్మల ఏ కంపెనీ పెట్టరాదు.

నల్లగొండ సీఎస్ ఆఫీసు అక్క: మాస్టారూ, సగం కరెక్టే చెప్పిండ్రు. నిద్రాణం అనేది మామూలుగ కంపెనీ తనే అడిగి తీస్కునే హోదా సార్, MSC-1 ఫారం ఏసి "ఇప్పుడు పని లేదు, మమ్మల్ని గట్ల పక్కన పెట్టుర్రి" అని అడుగుతరు. అట్ల అడగకుండ రెండేండ్లు వ్యాపారం ఏం జరగకపోతే అప్పుడు కంపెనీల రిజిస్ట్రార్ కంపెనీల చట్టం 248 సెక్షన్ కింద పేరు తీసేయడానికి STK-1 నోటీసు ఇస్తడు, ముప్పై రోజులు టైం. మీ బావ కేసుల ఆ నోటీసు యాడికి పోయింది తమ్ముడూ?

మిర్యాలగూడ పిల్లగాడు: పాత షట్టర్ అడ్రసుకు పోయిందంట అక్కా, అది ఖాళీ చేసి ఎన్నో దినాలాయె, వాపస్ పోయి ఉంటది. 2023ల కొట్టేసిండ్రంట.

నల్లగొండ సీఎస్ ఆఫీసు అక్క: మస్తు కంపెనీలు గిట్లనే పోతయి. అడ్రసు మార్చినా INC-22 ఏయరు, ఈ-మెయిల్ ఏమో పాత ఆడిటర్‌ది ఉంటది. ఇగ డైరెక్టర్ సంగతి వేరే సెక్షను, 164(2). వరుసగా మూడు ఆర్థిక సంవత్సరాల బ్యాలెన్స్ షీట్ గానీ యాన్యువల్ రిటర్న్ గానీ ఏయకపోతే అయిదేండ్లు అనర్హత, జన్మంత కాదు మాస్టారూ. 2019-20, 20-21, 21-22 ఏయలేదంటే 2022 చివర్ల మూడో బాకీ పడ్డది, అక్కడి నుంచి 2027 దాంక అన్నట్టు. కంపెనీ పేరు కొట్టేసినందుకు డైరెక్టర్ అనర్హుడు కాలేదు, రెండింటికీ కారణాలు వేరు.

గద్వాల సుగుణ: మా ఆయన డైరెక్టర్ నంబరు, గదే డిన్ గూడ ఆగిపోయింది, మాది చిన్న విత్తనాల కంపెనీ, రిటర్నులన్నీ ఏస్తున్నం. అనర్హుడైండా మరి?

నల్లగొండ సీఎస్ ఆఫీసు అక్క: కాదు సుగుణమ్మా, సైట్ల కారణం చదువుర్రి, DIR-3 KYC ఏయలేదని ఉంటది. అయిదు వేలు కట్టి ఏస్తే డిన్ మళ్ల పని చేస్తది. డిన్ ఆగుడు వేరు, అనర్హత వేరు. 2019ల మన తెలంగాణ హైకోర్టు గూడ అన్నది, 164(2) అనర్హత పడ్డదని డిన్ ఆపడానికి చట్టంల దారి లేదని.

మిర్యాలగూడ పిల్లగాడు: ప్లాటు మాట చెప్పక్కా. పేరు కొట్టేస్తే అప్పులు గూడ కొట్టేసినట్టేనా? బావ గదే అంటుండు నవ్వుకుంట.

నల్లగొండ సీఎస్ ఆఫీసు అక్క: నవ్వుడు బంద్ చేయమను. డైరెక్టర్ల బాధ్యత గట్లనే ఉంటదని 248లోనే రాసి ఉన్నది. ప్లాటు అమ్మాలంటే ముందు కంపెనీని మళ్ల బతికించాలె, హైదరాబాద్‌ల కంపెనీల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీల 252 సెక్షన్ కింద అర్జీ. రిజిస్ట్రార్ ఆర్డర్ మీద అప్పీల్‌కు మూడేండ్లు, అది దాటినా వాటాదారుగా గెజిట్ తేదీ నుంచి ఇరవై ఏండ్ల దాంక అడగొచ్చు, గందుకే మీ బావ వాటాదారుగా ఏయాలె. బ్యాంకు స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్, ప్లాటు డాక్యుమెంట్ పెట్టాలె. బతికినంక పెండింగు బ్యాలెన్స్ షీట్ల ఫారం AOC-4, యాన్యువల్ రిటర్న్ ఫారం MGT-7 అన్నీ ఏయాలె, రోజుకు ఫారంకు వంద చొప్పున ఆలస్యం ఫీజు. ఒక్క ఏడాది లేటు రెండు ఫారాలకే డెబ్బై మూడు వేలు, మీకు ఎన్నో ఏండ్లు ఉన్నయి, లెక్కేసుకోర్రి. ప్లాటు ధర దానికంటే ఎక్కువుంటేనే ఈ తిప్పలు.

పాలమూరు మాస్టారు: అయితే కొట్టివేత అనరాదు, కొట్టేసినంక మళ్ల రాస్తే అది తొలగింపే.

నల్లగొండ సీఎస్ ఆఫీసు అక్క: సర్టిఫికెట్ల తొలగింపు, మా ఆఫీసుల కొట్టుడు, మీ ఇష్టం సార్.

మిర్యాలగూడ పిల్లగాడు: పెండింగు మొత్తం కట్టినంక బావ అనర్హత గూడ పోతదా అక్కా?

నల్లగొండ సీఎస్ ఆఫీసు అక్క: కట్టినంత మాత్రాన తనంతట తను పోదు తమ్ముడూ. హైకోర్టుకు పోయినోళ్లు ఉన్నరు, అందరికీ ఒకటే తీర్పు రాలే. మీ ప్లాటు పని ముందు కానీయుర్రి.