త్సుందెరె అన్న ముద్ర పాత్ర గురించి ఏం చెబుతుంది?

చివరిబోగీ

కొత్త అనిమె మొదలుపెట్టానో లేదో, ఎవరో ఒకరు "ఈ అమ్మాయి త్సుందెరె, ఆ అమ్మాయి కూదెరె" అని చెప్పేస్తారు. ఆ మాట చెవిన పడ్డాక ఆమె ఏం చేసినా ముందే తెలిసినట్టు ఉంటోంది. ఈ పేర్లు పాత్రను అర్థం చేసుకోవడానికి పనికొస్తాయా, లేక సరిగ్గా చూడనివ్వకుండా చేస్తాయా?

గోధుమరంగుపిల్లి

పనికొస్తాయి బ్రో, ఖచ్చితంగా. త్సుందెరె అంటే ప్రేమించినవాడి మీదే అరిచే అమ్మాయి. కూదెరె అంటే ఫీలింగ్స్ లేని అమ్మాయి. ఇది తెలిస్తే ఆమె ఎందుకు అలా చేస్తోందో మొదటి ఎపిసోడ్‌లోనే అర్థమైపోతుంది. ఈ మాట పుట్టిందే ఎవాంగెలియన్‌లో అసుకా వల్ల. అంతెందుకు, మన సత్యభామ ఎవరు? అసలైన త్సుందెరె ఆవిడే.

పాతక్యాసెట్

అసుకా వల్ల పుట్టలేదు తమ్ముడూ. ఎవాంగెలియన్ 1995లో వచ్చింది, అప్పటికి ఈ మాటే లేదు. 2000ల మొదట్లో జపాన్ నెట్ బోర్డుల్లో ఇది పుట్టింది. 2001లో వచ్చిన "కిమి గ నోజోము ఎయిఎన్" అనే గేమ్‌లో ఆయు అనే అమ్మాయి ఉంటుంది, ఆమె గురించి మాట్లాడుకుంటూ అన్న మాట అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. త్సున్‌త్సున్ అంటే మూతి తిప్పుకుని ముళ్లకంపలా ఉండటం, దెరెదెరె అంటే కరిగిపోయి గారాలు పోవడం. పలకడం మనకేమీ కష్టం కాదు, చుక్క అన్నప్పుడు చు ఎలా అంటామో అలా అంటే సరి.

ఆ రెండు ముక్కలూ వచ్చిన వరస చూడండి. ముందు త్సున్, తర్వాత దెరె. మొదట మండిపడిన మనిషి కథ నడిచేకొద్దీ మెత్తబడుతుంది అని ఆ రోజుల్లో అర్థం. అంటే అది స్వభావానికి పేరు కాదు, కథ వెళ్లే దారికి పేరు. తర్వాత తర్వాత వాడుక మారింది. ఒకే సీన్‌లో తిట్టడం, ఎర్రబడటం, మళ్లీ తిట్టడం. లేదా నలుగురిలో కసురుకుని ఇద్దరే ఉన్నప్పుడు మెత్తగా మాట్లాడటం. ఇప్పుడు మనం ఎక్కువగా ఈ అర్థంలోనే వాడుతున్నాం. చివరిబోగీ గారి ఇబ్బంది కూడా దీనితోనే అనుకుంటా. దారికి పెట్టిన పేరును మనిషికి తగిలిస్తే, మనిషి కదలడం ఆగిపోతుంది.

మువ్వలసవ్వడి

సత్యభామ విషయం నన్ను మాట్లాడనివ్వండి, పదేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. ఆమె ప్రేమను ఎక్కడా దాచుకోదు. కృష్ణుడు తనవాడని ఊరంతా వినేలా చెప్పుకుంటుంది. ఆమె కోపం అడుగుతున్న కోపం, దాస్తున్న కోపం కాదు. త్సుందెరెలో అసలు సంగతే దాచుకోవడం కదా?

ఇంకొకటి. మా గురువుగారు అష్టవిధ నాయికల్ని నేర్పేటప్పుడు మొదట చెప్పిన మాట, ఇవి ఎనిమిది మంది ఆడవాళ్లు కాదు, ఎనిమిది స్థితులు అని. పొద్దున ఎదురుచూస్తూ విరహోత్కంఠిత అయిన మనిషే, మగడు ఇంకో ఇంటినుంచి వస్తే ఖండిత అవుతుంది, తిట్టి పంపేశాక ఏడుస్తూ కూర్చుంటే కలహాంతరిత అవుతుంది. పాతక్యాసెట్ గారు చెప్పింది చదివితే అదే గుర్తొచ్చింది. స్థితికి పేరు పెడితే ఆ తర్వాత ఏమవుతుందో చూస్తాం. మనిషికి పెడితే చూడటం మానేస్తాం.

గోధుమరంగుపిల్లి

సత్యభామ విషయం ఒప్పుకుంటున్నా అక్కా. కానీ తొరదొరాలో తైగా సంగతేంటి? ఆమె ప్యూర్ త్సుందెరె. అరుస్తుంది, కొడుతుంది, చివరికి ప్రేమిస్తుంది. నేను చెప్పినట్టే కదా?

పాతక్యాసెట్

తైగానే తీసుకుందాం, మంచి ఉదాహరణ.

మొదటి ఎపిసోడ్‌లో క్లాస్‌మేట్ కితమురా సంచీలో పెట్టాలనుకున్న ప్రేమలేఖను పొరపాటున అదే క్లాస్‌లోని ర్యూజి సంచీలో పెట్టేస్తుంది. ఆ సంగతి మరిచిపోయేలా చేయాలని రాత్రిపూట చెక్కకత్తి పట్టుకుని అతని ఇంట్లో దూరుతుంది. తీరా చూస్తే కవరులో ఉత్తరమే లేదు. ఆకలితో అక్కడే కూలబడితే ర్యూజి ఫ్రైడ్ రైస్ చేసి పెడతాడు. ఇంతవరకు నువ్వు చెప్పినట్టే ఉంది.

ఇప్పుడు ఆమె ఎవరి ముందు ఎలా ఉంటుందో విడివిడిగా చూడు. ప్రేమిస్తున్నానని తాను నమ్మే కితమురా ముందు ఆమె అరవదు, నోరు పెగలదు, బిగుసుకుపోతుంది. స్నేహితురాలు మినొరి కనిపిస్తే చంటిపిల్లలా అతుక్కుపోతుంది. మిగతా స్కూలంతటి మీదా పులే. అంటే "ప్రేమించినవాడి మీదే అరుస్తుంది" అన్న నీ సూత్రం ఇక్కడే తప్పింది. ఆమె అరుపు ప్రేమకు గుర్తు కాదు, అందరికీ అడ్డంగా పెట్టుకున్న తలుపు. ఎందుకో కూడా కథే చూపిస్తుంది. తండ్రి ఇంకో పెళ్లి చేసుకుని ఆమెకు ఖరీదైన ఫ్లాట్ ఒకటి ఇచ్చి వదిలించుకున్నాడు. ఆ ఫ్లాట్‌లో సింక్ నిండా కడగని గిన్నెలు. స్కూల్ పండగకి వస్తానని మాటిచ్చి ఆ తండ్రి రాడు.

నాకు బాగా నచ్చేది రెండో ఎపిసోడ్ చివర. ఆమె కితమురా దగ్గరికి వెళ్లి మనసులో మాట చెప్పబోతుంది. నోరు తెరిస్తే వచ్చేదంతా ర్యూజి గురించే. పక్కన ఉన్నాడని, ఆకలేసినప్పుడు వండిపెట్టాడని. అది విని కితమురాకు అర్థమవుతుంది, ఆమెకు మాత్రం అర్థం కాదు. దెరె అనేది అప్పుడే, 25 ఎపిసోడ్లలో రెండోదానికే, వేరే మనిషి ముందు బయటపడిపోయింది. ఎర్రబడిన బుగ్గల కోసం ఎదురుచూసేవాళ్లకు అది కనపడదు.

సీతాఫలం

మీరంతా తైగా లాంటి బాగా రాసిన పాత్రను పెట్టుకుని మాట్లాడుతున్నారు. లూయీజ్ సంగతి చెప్పండి. "ది ఫమిలియర్ ఆఫ్ జీరో"లో సైతోను కొరడాతో కొడుతుంది, కుక్క అని పిలుస్తుంది. అది చూసి నవ్వాలట, ఎందుకంటే త్సుందెరె కాబట్టి. ఆ పాత్రను అబ్బాయిగా మార్చి చూడండి, ఒక్క నిమిషం భరించలేం. ఈ పేరు ప్రవర్తన గురించి ఏమీ చెప్పదు, ప్రవర్తనకు ముందే క్షమాపణ రాసిస్తుంది. నాకు దీని మీద నిజంగా కోపం.

పాతక్యాసెట్

మీ కోపంలో న్యాయం ఉంది సీతాఫలం గారూ. ఆ క్షమాపణ ఎలా తయారైందో మాత్రం చెబుతాను. 2005లో షానా, 2006లో లూయీజ్, 2007లో హయాతెలో నాగి, 2008లో తైగా, నలుగురికీ గొంతు ఒకరే, కుగిమియా రియె. నాలుగో పాత్ర దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు వినపడగానే చూసేవాళ్లకు "ఈమె చివర్లో కరుగుతుంది" అని తెలిసిపోయేది. ఇంకా ఏమీ చేయకముందే హామీ చేతికి వచ్చేసింది. ఆ హామీ ఉంటే రాసేవాడు ఆమెను ఎంత మొరటుగానైనా రాయొచ్చు, జనం ఆగుతారు.

నేను తేడా కనిపెట్టేది ఒక్కదాన్నిబట్టి. ఆమె మొరటుతనానికి కథలో ఎవరైనా మూల్యం చెల్లిస్తున్నారా? తైగా చెల్లిస్తుంది. క్రిస్మస్ రాత్రి ర్యూజిని, అతను ఇష్టపడే మినొరి దగ్గరికి తానే పంపేసి, ఒంటరిగా మిగిలి, అప్పుడు అర్థమై, అతని పేరు పిలుస్తూ ఏడుస్తూ వీధిలోకి పరిగెడుతుంది. అతను అప్పటికే వెళ్లిపోయాడు. మినొరి అది చూస్తుంది. లూయీజ్ కొరడాకు అలాంటి లెక్క చాలాసార్లు ఉండదు, వెంటనే జోకు వచ్చేస్తుంది.

రెండోషిఫ్ట్

టాపిక్‌కి ఇది సరిపోతుందో లేదో తెలియదు. డిగ్రీలో మా క్లాస్‌లో ఒకమ్మాయి నేను పలకరిస్తే విసుక్కునేది. అప్పుడు నేను రాత్రిళ్లు ఇవే చూస్తున్నా. విసుక్కుంటోంది అంటే లోపల ఇష్టం ఉందని గట్టిగా నమ్మాను. ఏడాది పాటు నోట్స్ ఇవ్వడం, బస్టాపులో నిలబడటం. చివరికి వాళ్లన్నయ్య వచ్చి మర్యాదగానే చెప్పాడు, ఆమె నాకు భయపడి రూటు మార్చుకుందని. ఆ రోజు నుంచి ఆ మాట వింటే సిగ్గేస్తుంది. చివరిబోగీ, నీ ప్రశ్నకు నా వరకు జవాబు, చెడగొడతాయి.

మువ్వలసవ్వడి

ఇది రాయడం తేలిక కాదు తమ్ముడూ. ఒక్క మాట మాత్రం. తైగా విషయంలో మనకు ఆమె ఒంటరిగా ఉన్న గదిని కెమెరా చూపించింది కాబట్టి లోపల ఏముందో తెలిసింది. బస్టాపులో నీకు ఆ గది కనపడలేదు. కనపడనప్పుడు ఆమె అన్న మాటే నిజం.

చివరిబోగీ

మరి కూదెరె? అక్కడ అరుపు లేదు, ఎర్రబడటం లేదు. అసలు ఏమీ లేదు. ఆ పేరు నిజంగా ఏమైనా చెబుతుందా?

పాతక్యాసెట్

కూదెరె అంటే ఫీలింగ్స్ లేవని పిల్లి గారు మొదట్లో అన్నారు, నేను ఒప్పుకోలేనిది అది. "కూ" అంటే కూల్, ఇంగ్లిష్ నుంచి వచ్చిందే. దెరె ఉంది కాబట్టే ఆ పేరు, లేకపోతే ఒట్టి చల్లటి మనిషి. ఇంకో రకం కూడా ఉంది, సునావో కూల్ అంటారు. ఆమె "నువ్వంటే ఇష్టం" అని టైం చెప్పినంత మామూలుగా చెప్పేస్తుంది, దాచదు. చాలామంది రెండూ కలిపేస్తారు.

హరుహి సిరీస్‌లో గ్రహాంతరవాసులు మనిషి రూపంలో పంపిన నగాతో యుకిని చూడండి. క్లబ్ గదిలో మూల కూర్చుని పుస్తకం చదువుతుంటుంది. ఆమె పుస్తకం మూసిందంటే ఇక ఇంటికి వెళ్లాలని అందరికీ తెలుసు. ఒకసారి క్యోన్ ఆమెను లైబ్రరీకి తీసుకెళ్లి ఆమె పేరున కార్డు చేయించి ఇస్తాడు. ఆమె ఏమీ అనదు. 2009లో ఒకే వేసవి సెలవులు మళ్లీ మళ్లీ తిరిగే కథను ఎనిమిది ఎపిసోడ్లు వేశారు. 15,532 సార్లు తిరుగుతుంది. మిగతావాళ్లు ప్రతిసారీ మరిచిపోతారు, అన్నీ గుర్తున్నది ఆమెకొక్కదానికే. అప్పుడూ ముఖం మారదు. 2010 సినిమాలో మాత్రం డిసెంబరు 18న లోకాన్నే మార్చేస్తుంది. ఆ లోకంలో తాను మామూలు బిడియస్తురాలు, క్యోన్‌కి క్లబ్‌లో చేరే ఖాళీ ఫారం వణుకుతూ అందిస్తుంది. ఆ కొత్త అమ్మాయికి కూడా గుర్తున్నది లైబ్రరీ కార్డే.

కాబట్టి ఆ పేరు ఆమె ఏం చేస్తుందో చెప్పదు. ఎక్కడ చూడాలో చెబుతుంది. ముఖం వైపు కాదు, చేతుల వైపు, ఏ వస్తువు దాచుకుంది అన్న వైపు.

గోధుమరంగుపిల్లి

సరే అన్నా, సూత్రం వెనక్కి తీసుకుంటున్నా. కానీ అసుకా విషయంలో తగ్గను. పేరు తర్వాత పుట్టినా గుణం ముందే ఉండొచ్చుగా. తాను ఇష్టపడే కాజి ముందు తియ్యగా, తోటి పైలట్ షింజి మీద "నీకు బుద్ధి లేదా" అని. ఆమెను త్సుందెరె అనకపోతే ఎవర్ని అంటాం?

పాతక్యాసెట్

అను, కానీ ఆ పేరు నమ్ముకుని చూస్తే ఆమె కరగడం కోసం ఎదురుచూస్తావు. 22వ ఎపిసోడ్‌లో ఆమె కరగదు, విరుగుతుంది. దాడి చేసిన శత్రువు తల్లి చనిపోయిన రోజు దగ్గరికి ఆమె మనసును బలవంతంగా లాక్కెళుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు షింజితో ఎప్పుడు కలుస్తుందా అని చూస్తూ, అంతకుముందు ఆరేడు ఎపిసోడ్లుగా ఆమె పోరాటాల్లో ఓడిపోతున్న సంగతే పట్టించుకోలేదు.

సీతాఫలం

అది పేరు తప్పా, మీరు చూసిన తీరు తప్పా? నేను ఆ మాట వినకుండానే చూశాను, ఆమె పడిపోతోందని నాకు ముందే తెలిసింది.

చివరిబోగీ

నేను ఎవాంగెలియన్ ఇంకా చూడలేదు. ఈ థ్రెడ్ చదివేశాను కాబట్టి మీలా చూసే అవకాశం నాకు లేదు. ముందు తొరదొరా రెండో ఎపిసోడ్ మళ్లీ పెడుతున్నా, కితమురా ముఖం చూడటానికి.