03/04 ఏ నెల? ఉమ్మడి పట్టికలో తేదీల వరుస

ప్రశ్న అడిగిన సభ్యురాలు, డల్లాస్:
మేము పాత తెలుగు పత్రికల సంచికలను సేకరించి, గుంటూరులోని మిత్రులతో కలిసి ఒకే గూగుల్ షీట్‌లో జాబితా రాసుకుంటున్నాము. ఒక వరుసలో "03/04/2024న అందింది" అని ఉంటే, నేను మార్చి 4 అనుకుని దాతకు అదే తేదీతో రసీదు పంపాను. అందినది ఏప్రిల్ 3న అని గుంటూరువారు చెప్పారు. ఇటువంటి వరుసలు ఇంకా ఎన్నో ఉన్నాయి. వీటిని ఎలా తేల్చుకోవాలి? ఇకమీదట తెలుగులో ఏ వరుసలో రాయడం సరైనది?

ఒక సభ్యుడు, కాకినాడ:
"తేది" అన్నది పాత వాడుక, "తేదీ" ఇప్పటి వాడుక. రెండూ తప్పు కావని నా అభిప్రాయం.

అడిగిన సభ్యురాలు:
మన్నించాలి, నేను అడిగినది పదం గురించి కాదు, అంకెల వరుస గురించి.

మరో సభ్యుడు, హైదరాబాదు:
ఇది చిన్న పని. ఫైలు సెట్టింగులలో లొకేల్‌ను, అంటే తేదీలను ఏ దేశపు పద్ధతిలో చదవాలో చెప్పే అమరికను, ఇండియాకు మార్చండి, అన్నీ సరి అవుతాయి.

ఒక గ్రంథాలయ ఉద్యోగిని, విశాఖపట్నం:
ఇకమీదట టైపు చేసే తేదీలకు ఆ మాట వర్తిస్తుంది కానీ, ఇప్పటికే ఉన్నవాటిని అది బాగుచేయదు. షీట్ తేదీని అంకెల బొమ్మగా కాక, ఒక రోజు సంఖ్యగా దాచుకుంటుంది. లొకేల్ అమెరికాగా ఉన్నప్పుడు గుంటూరులో 03/04/2024 అని కొట్టిన క్షణానే అది మార్చి 4గా స్థిరపడింది, కాబట్టి తరువాత లొకేల్ మారిస్తే అదే మార్చి 4 వేరే రూపంలో కనిపిస్తుంది. అదే మనిషి 25/04/2024 అని కొడితే, ఇరవై ఐదో నెల లేదు గనుక షీట్ దానిని తేదీగా గుర్తించక ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. గడిలో ఎడమ వైపుకు ఒదిగి ఉన్న తేదీలు ఇవే, కుడి వైపుకు ఉన్నవి షీట్ తేదీగా తీసుకున్నవి. ఎడమకు ఒదిగిన వరుసలు ఉన్నాయంటే, రోజును ముందు వేసే మన పద్ధతిలో రాసిన చేయి ఆ పట్టికలో ఉందని అర్థం.

ఆ చేయి ఏదో తెలుసుకోవడానికి గడిపై కుడి క్లిక్ చేసి మార్పుల చరిత్ర చూడండి. గుంటూరువారు కొట్టినట్లు తేలిన వాటిలో కుడి వైపుకు ఉన్న గడులకు మాత్రమే, పక్కన కొత్త నిలువు వరుసలో ఈ సూత్రం పెట్టండి:

```
=DATE(YEAR(B2), DAY(B2), MONTH(B2))
```

డల్లాస్ వరుసలకు దీనిని తగిలిస్తే సరిగా ఉన్న తేదీలు చెడిపోతాయి. ఎవరో ఒకరు మొత్తం జాబితాను ఒకేసారి అతికించి ఉంటే చరిత్ర సహాయపడదు. అప్పుడు రసీదు పుస్తకాన్నే చూడాలి.

అడిగిన సభ్యురాలు:
చూశాను. నలభై వరుసలలో పదకొండు ఎడమకు ఒదిగి ఉన్నాయి. అవన్నీ గుంటూరు నుంచి వచ్చినవే, ఒక్కటీ డల్లాస్‌ది కాదు.

తెలుగు అధ్యాపకుడు, తిరుపతి:
వరుస సంగతికి వస్తే, మనం నోటితో "ఏప్రిల్ మూడో తేదీ" అని నెలను ముందు అంటాము, కాగితంపై 3-4 అని రోజును ముందు వేస్తాము. రెండూ మనవే కాబట్టి అలవాటును ఆధారం చేసుకుని తగవు తీర్చలేము. సంకల్పంలో మాత్రం సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి అని పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతాము. 2024-04-03 అని రాయడం ఆ దారికి దగ్గరగా ఉంటుందని నా భావన. పట్టికలో అలా రాసి, చదివేవారికి ఇచ్చే కాగితంలో "2024 ఏప్రిల్ 3" అని నెల పేరుతో రాయాలని సూచిస్తాను.

గ్రంథాలయ ఉద్యోగిని, విశాఖపట్నం:
అంగీకరిస్తాను. ఒక్క జాగ్రత్త: నెల పేరును తెలుగులో గడిలోనే టైపు చేస్తే షీట్ దానిని అక్షరాలుగా తీసుకోవచ్చు, అప్పుడు క్రమం కాలం ప్రకారం కాక అక్షరాల ప్రకారం వస్తుంది.

ఒక సభ్యురాలు, విజయవాడ:
1967లో అమెరికా వెళ్లిన మా పెదనాన్నగారి ఉత్తరాలలోనూ ఇదే చిక్కు. ఒకదానిపై "05-06-1968, బుధవారం" అని ఉంది. మరొకదానిపై "05-09-1968, గురువారం".

గ్రంథాలయ ఉద్యోగిని, విశాఖపట్నం:
మొదటిది వారంతో తేలుతుంది. 1968 జూన్ 5 బుధవారం, మే 6 సోమవారం, కాబట్టి ఆయన రోజునే ముందు వేశారు. రెండోదానికి వారం పనికిరాదు, ఎందుకంటే మే 9కి, సెప్టెంబరు 5కి నడుమ సరిగ్గా పదిహేడు వారాలు, ఏ సంవత్సరమైనా ఆ రెండూ ఒకే వారాన పడతాయి. జూన్‌లో మన వరుస పాటించిన మనిషి కనుక సెప్టెంబరు అనుకోవడం సబబుగా తోస్తుంది. అయితే అది ఊహే. కవరుపై పోస్టు ముద్ర ఉందా?

విజయవాడ సభ్యురాలు:
కవరు లేదు. ఉత్తరంలో "ఇక్కడ సెలవులు అయిపోయాయి" అని ఒక మాట మాత్రం ఉంది. అది ఏ సెలవుల గురించో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.